టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్: కీ కుదరడం ఒక పని, మనిషిని గుర్తుపట్టడం ఇంకో పని

హెచ్‌టీటీపీఎస్ ఎలా పనిచేస్తుందని అడిగితే ఇప్పటికీ ఎక్కువగా వినిపించే జవాబు ఒకటుంది. వెబ్‌సైట్ తన పబ్లిక్ కీని పంపుతుంది. బ్రౌజర్ ఒక రహస్య కీని తయారుచేసి, ఆ పబ్లిక్ కీతో మూసి తిరిగి పంపుతుంది. సైట్ తన ప్రైవేట్ కీతో దాన్ని తెరుచుకుంటుంది. ఇంటర్వ్యూల్లో కూడా ఇదే చెప్పి నెట్టుకొచ్చేస్తుంటారు. ఒకప్పుడు ఇది నిజమే. కానీ హెచ్‌టీటీపీఎస్ వెనక ఉండి భద్రత చూసుకునే ప్రొటోకాల్ టీఎల్‌ఎస్. 2018 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 8446 అనే ప్రమాణ పత్రంగా వెలువడిన టీఎల్‌ఎస్ 1.3లో ఆ పద్ధతిని పూర్తిగా తీసేశారు. ఎందుకు తీసేశారో తెలిస్తే కొత్త హ్యాండ్‌షేక్, అంటే కనెక్షన్ మొదట్లో బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పరిచయ సంభాషణ, ఇప్పుడున్న తీరులో ఎందుకుందో సగం అర్థమైపోతుంది.

పాత పద్ధతిలో అన్ని రహస్యాలూ ఒకే తాళంచెవికి వేలాడుతుంటాయి. సైట్ ప్రైవేట్ కీ ఒక్కటే. అది ఏళ్ల తరబడి మారకపోవచ్చు కూడా. దారిలో ఎవరైనా కూర్చుని, ఏమీ అర్థం కాకపోయినా సరే, వెళ్లే డేటానంతా రికార్డు చేసి దాచుకున్నారనుకుందాం. మూడేళ్ల తర్వాత ఆ ప్రైవేట్ కీ ఎలాగో చేతికి చిక్కితే, మూడేళ్ల పాత సంభాషణలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఇది ఊహాగానం కాదు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం వల్ల, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టీఎల్‌ఎస్ లైబ్రరీ వాడే సర్వర్ల మెమరీలోంచి ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల దాకా బయటికి లాగే వీలు కలిగింది. అలా వచ్చిన ముక్కల్లో ప్రైవేట్ కీలు కూడా దొరకొచ్చని నిరూపణ అయింది. కీని, దానితో ముడిపడ్డ సర్టిఫికెట్‌ను, అంటే సైట్ గుర్తింపు పత్రాన్ని, మార్చుకుంటే రేపటి సంభాషణలు భద్రమే. నిన్నటివాటిని మాత్రం ఏం చేసీ కాపాడలేం.

అందుకే కొత్త పద్ధతిలో రెండు పనుల్ని విడదీశారు. రహస్య కీ కుదుర్చుకోవడం ఒక పని. దానికి ఆ ఒక్క కనెక్షన్ కోసమే పుట్టి, అయిపోగానే చెరిపేసే అంకెలు వాడతారు. అవతలివాళ్లు ఎవరో తేల్చుకోవడం ఇంకో పని. సర్టిఫికెట్, దాని ప్రైవేట్ కీ ఇక్కడే, సంతకానికి మాత్రమే ఉపయోగపడతాయి. ఈ రెండింటినీ కలిపి కట్టే ముడి ఒకటుంది. హ్యాండ్‌షేక్‌లో అసలు తెలివంతా ఆ ముడిలోనే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఎవరో బ్రౌజర్ తెరిచి te.wikipedia.org అని కొట్టారు. ముందు డీఎన్‌ఎస్ ద్వారా ఐపీ అడ్రస్ తెలుస్తుంది. ఆ అడ్రస్‌లో 443 పోర్టుతో టీసీపీ కనెక్షన్ కుదురుతుంది. అప్పుడు బ్రౌజర్ మొదటి మాట మాట్లాడుతుంది. దాని పేరు క్లయింట్ హలో.

ఇందులో 32 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి ఉంటుంది. ప్రతి కనెక్షన్‌కూ అది కొత్తదే. తనకు ఏ ఎన్‌క్రిప్షన్ పద్ధతులు తెలుసో బ్రౌజర్ ఒక జాబితా ఇస్తుంది. TLS_AES_128_GCM_SHA256 లాంటి పేర్లు అందులో కనిపిస్తాయి. ఏ సైట్ కావాలో దాని పేరు కూడా ఉంటుంది, ఎందుకంటే ఒకే ఐపీ అడ్రస్ వెనక వందల సైట్లు ఉండొచ్చు. ఇంకొకటి, కీ కుదుర్చుకోవడానికి తన వంతు అంకె. ఈ అంకెను మొదటి మాటలోనే పంపేయడం టీఎల్‌ఎస్ 1.3 తెచ్చిన మార్పు. పాత 1.2లో అయితే ముందు ఏ పద్ధతో మాట్లాడుకుని, ఆ తర్వాతే అంకెలు ఇచ్చిపుచ్చుకునేవారు. ఇప్పుడు బ్రౌజర్ "సర్వర్ దీనికే ఒప్పుకుంటుందిలే" అని ముందే ఊహించి పంపేస్తుంది. చాలాసార్లు ఆ ఊహ సరిపోతుంది. సర్వర్ దూరం ఒక రాకపోకకు 80 మిల్లీసెకన్లు అనుకుంటే, పాత పద్ధతిలో హ్యాండ్‌షేక్‌కు 160 పట్టేది, కొత్తదానిలో 80తో సరి.

ఇక్కడో తమాషా. టీఎల్‌ఎస్ 1.3 క్లయింట్ హలోలో వెర్షన్ ఉండాల్సిన చోట చూస్తే 0x0303 అని ఉంటుంది, అంటే టీఎల్‌ఎస్ 1.2 అని. అసలు వెర్షన్ లోపల వేరే జాబితాలో రాసి ఉంటుంది. ఆఫీసుల్లో, నెట్‌వర్క్‌ల మధ్యలో కూర్చున్న పాత పెట్టెలు కొన్ని, కొత్త వెర్షన్ నంబరు కనిపిస్తే చాలు కనెక్షన్ తెంపేసేవి. వాటిని బాగుచేయించడం అయ్యే పని కాదని, కొత్త ప్రొటోకాల్‌కే పాత చొక్కా తొడిగి పంపారు.

ఇప్పుడు ఆ అంకెల సంగతి. అందరూ వినేచోట మాట్లాడుకుంటూ, విన్నవాళ్లెవరికీ తెలియని రహస్యం ఇద్దరు కుదుర్చుకోవడం ఎలా? విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976లో ప్రచురించిన పద్ధతే ఇప్పటికీ దీనికి పునాది. చిన్న అంకెలతో చేసి చూస్తే చాలు, గుట్టు విడిపోతుంది. 29, 2 అనే సంఖ్యలు అందరికీ తెలిసినవే. బ్రౌజర్ మనసులో 7 అనుకుంటుంది. సర్వర్ 11 అనుకుంటుంది. ఎవరి అంకె వాళ్ల దగ్గరే ఉంటుంది.

```
బ్రౌజర్ పంపేది:    2^7  mod 29 = 12
సర్వర్ పంపేది:     2^11 mod 29 = 18
బ్రౌజర్ లెక్క:     18^7  mod 29 = 17
సర్వర్ లెక్క:      12^11 mod 29 = 17
```

రెండును ఏడుసార్లు వేసి గుణిస్తే 128, దాన్ని 29తో భాగిస్తే శేషం 12. అదే బయటికి వెళ్తుంది. అటునుంచి 18 వస్తుంది. వచ్చిన దాన్ని తన రహస్య అంకెతో అదే పద్ధతిలో లెక్కగడితే ఇద్దరికీ 17 వస్తుంది. దారిలో విన్నవాడికి 29, 2, 12, 18 తెలుసు. 17 తెలియదు. తెలుసుకోవాలంటే రెండును ఎన్నిసార్లు గుణిస్తే శేషం 12 వస్తుందో వెతకాలి. ఇక్కడ ఇరవై ఎనిమిది ప్రయత్నాల్లో దొరికిపోతుంది, అంకెలు చిన్నవి కాబట్టి. నిజం హ్యాండ్‌షేక్‌లో ఎక్కువగా కనిపించే ఎక్స్25519 అనే పద్ధతిలో లెక్క ఒక వక్రరేఖ మీది బిందువులతో జరుగుతుంది. అక్కడి ప్రధాన సంఖ్య రెండు ఘాతం 255లోంచి 19 తీసివేస్తే వచ్చేది, దాని పేరు వచ్చిందీ అందులోంచే. ముందుకు లెక్కించడం క్షణంలో పని. వెనక్కి వెతకడం నేటి కంప్యూటర్లకు సాధ్యం కాదు.

కనెక్షన్ ముగిశాక 7, 11 రెండూ మెమరీలోంచి పోతాయి. సైట్ ప్రైవేట్ కీ తర్వాత ఎప్పుడు దొంగతనానికి గురైనా, పాత రికార్డింగులు తెరవడానికి అది పనికిరాదు. ఎందుకంటే ఆ 17 ఎప్పుడూ దానితో మూసి పంపింది కాదు.

మరి పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఈ వెనక్కి వెతికే పని కూడా తేలికవుతుంది కదా అనే అనుమానం సరైనదే. రికార్డు చేసుకుని తర్వాత తెరిచే భయం ఇక్కడ ఇంకో రూపంలో తిరిగొస్తుంది. అందుకే 2024 నుంచి క్రోమ్ మామూలు ఎక్స్25519 పక్కన ఇంకో కొత్త రకం కీని కూడా జోడించి పంపుతోంది. ఎక్స్25519 అంకెకు 32 బైట్లు చాలు. కొత్తదానికి 1184 బైట్లు కావాలి. దాంతో క్లయింట్ హలో ఒక ప్యాకెట్‌లో పట్టక రెండుగా వెళ్తుంది. మొదటి ప్యాకెట్ రాగానే అంతా వచ్చేసిందనుకునే సర్వర్లు కొన్ని దీని దగ్గర బోల్తా పడ్డాయి.

సర్వర్ హలోలో సర్వర్ తన 32 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య, ఎంచుకున్న పద్ధతి, తన వంతు అంకె పంపుతుంది. అంతటితో ఇద్దరి దగ్గరా ఉమ్మడి రహస్యం ఉన్నట్టే. దాన్నుంచి అటు వెళ్లేదానికి ఒకటి, ఇటు వచ్చేదానికి ఒకటి చొప్పున వేర్వేరు కీలు పుట్టిస్తారు. ఇక్కణ్నుంచి మాటలన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తాయి, సర్టిఫికెట్‌తో సహా. టీఎల్‌ఎస్ 1.2లో సర్టిఫికెట్ బయటికి కనిపిస్తూనే వెళ్లేది.

అయితే ఇప్పటిదాకా జరిగిందాంట్లో ఒక పెద్ద కంత ఉంది. రహస్యం కుదిరింది సరే, ఎవరితో కుదిరింది? కాఫీ హోటల్ వైఫై నడిపేవాడు మధ్యలో కూర్చుని, బ్రౌజర్‌తో ఒక 17, వికీపీడియా సర్వర్‌తో ఇంకో 17 కుదుర్చుకుంటే ఇద్దరికీ తెలియదు. లెక్క ఎక్కడా తప్పదు. ఎన్‌క్రిప్షన్ కూడా గట్టిగానే ఉంటుంది, కాకపోతే దొంగతోనే ఉంటుంది.

సర్టిఫికెట్ వచ్చేది ఇక్కడ. అందులో *.wikipedia.org అనే పేరు, ఆ పేరుకు చెందిన పబ్లిక్ కీ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందనే తేదీలు, జారీ చేసిన సంస్థ సంతకం ఉంటాయి. కానీ సర్టిఫికెట్ ఒక్కటే ఏమీ రుజువు చేయదు. అది బహిరంగ పత్రం. వైఫై వాడు కూడా వికీపీడియాకు కనెక్ట్ అయి, దాని నకలు తీసుకుని, బ్రౌజర్ ముందు పెట్టగలడు. ఎవరి ఫొటో గుర్తింపు కార్డు జిరాక్స్ అయినా చేతిలో పెట్టుకుని తిరగొచ్చన్నట్టే.

ముడి పడేది ఆ తర్వాతి సందేశంలో. దాని పేరు సర్టిఫికెట్ వెరిఫై. క్లయింట్ హలో మొదలు సర్టిఫికెట్ దాకా ఇద్దరి మధ్యా వెళ్లిన ప్రతి బైటునూ కలిపి హాష్, అంటే వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య, తీసి, దాని మీద సర్వర్ తన ప్రైవేట్ కీతో సంతకం చేస్తుంది. సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీతో ఆ సంతకాన్ని బ్రౌజర్ సరిచూసుకుంటుంది. ఇప్పుడు వైఫై వాడి పరిస్థితి చూడండి. బ్రౌజర్‌కు అతను పంపిన అంకె తనది, వికీపీడియాది కాదు. ఆ అంకె ఉన్న సంభాషణ మీద వికీపీడియా సంతకం కావాలి. తను చేయలేడు, ప్రైవేట్ కీ తన దగ్గర లేదు. పోనీ అసలు సర్వర్ తనతో మాట్లాడుతూ చేసిన సంతకాన్నే ఇటు దాటిద్దామంటే, ఆ సంభాషణలోని అంకెలు వేరు, హాష్ వేరు, సంతకం సరిపోదు. నిన్నటి సంతకం దాచుకుని ఇవాళ వాడదామన్నా బ్రౌజర్ యాదృచ్ఛిక సంఖ్య ఇవాళ కొత్తది. ఉన్న ఒక్క దారి, అసలు అంకెల్ని ముట్టుకోకుండా అటూ ఇటూ దాటించడం. అప్పుడు 17 అతనికి తెలియదు, ఉత్త తపాలా బంట్రోతుగా మిగిలిపోతాడు.

చివరి సందేశం ఫినిష్డ్. ఇద్దరూ తాము చూసిన సంభాషణంతటి మీదా, ఉమ్మడి రహస్యం నుంచి పుట్టిన కీతో ఒక ముద్ర వేసి ఇచ్చుకుంటారు. దారిలో ఎవరైనా ఒక్క బైటు మార్చినా ముద్రలు కలవవు. ఎన్‌క్రిప్షన్ పద్ధతుల జాబితాలోంచి గట్టివి చెరిపేసి బలహీనమైనవి మాత్రం మిగల్చడం పాత దాడుల్లో ఒకటి. 2015లో బయటపడ్డ లాగ్‌జామ్ అలాంటిదే. అక్కడ సర్వర్ సంతకం ఎంచుకున్న పద్ధతి మీద ఉండేది కాదు, అంకెల మీదే ఉండేది. మొత్తం సంభాషణ మీద సంతకం అనే నియమం ఆ కంతను పూడ్చింది. దీనికి తోడు ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. 1.3 తెలిసిన సర్వర్‌తో ఎవరైనా 1.2లో మాట్లాడితే, సర్వర్ తన యాదృచ్ఛిక సంఖ్య చివరి ఎనిమిది బైట్లలో ఏడింట్లో DOWNGRD అనే అక్షరాలు రాస్తుంది. 1.3 తెలిసిన బ్రౌజర్ అది చూడగానే, మధ్యలో ఎవరో తన మాట మార్చారని గ్రహించి కనెక్షన్ తెంపేస్తుంది.

ఇంతా చేశాక మిగిలే బలహీనత లెక్కల్లో కాదు, నమ్మకంలో ఉంది. వికీపీడియా సర్టిఫికెట్ మీద సంతకం చేసిన సంస్థను బ్రౌజర్ ఎందుకు నమ్మాలి? బ్రౌజర్‌లోనో, ఆపరేటింగ్ సిస్టమ్‌లోనో మూల సంస్థల జాబితా ముందే పెట్టి ఉంటుంది. ఆ సంస్థలు మధ్యవర్తి సంస్థలకు సంతకం చేస్తాయి, అవి సైట్లకు చేస్తాయి. సైట్ నుంచి మూలం దాకా ఒక గొలుసు. చిక్కేమిటంటే జాబితాలో ఉన్న ఏ సంస్థ అయినా ఏ పేరుకైనా సర్టిఫికెట్ ఇవ్వగలదు. జాబితా మొత్తం బలం అందులో అన్నిటికన్నా అజాగ్రత్తగా ఉన్న సంస్థ బలమే.

దీనికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2014 జులై 2న గూగుల్ తన డొమైన్ల పేర్లతో తను అడగని సర్టిఫికెట్లు చలామణిలో ఉన్నట్టు గుర్తించింది. జారీ చేసింది నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్, అంటే ఎన్‌ఐసీ. దాని పైన మూల సంస్థ భారత ప్రభుత్వ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్, సీసీఏ. ఎన్‌ఐసీ జారీ వ్యవస్థలోకి ఎవరో చొరబడ్డారని సీసీఏ తేల్చింది. సీసీఏ మూల సర్టిఫికెట్ అప్పట్లో మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది కాబట్టి విండోస్‌లో నడిచే చాలా ప్రోగ్రాములు ఆ దొంగ సర్టిఫికెట్లను నమ్మేవే. ఫైర్‌ఫాక్స్‌కు సొంత జాబితా ఉంది, అందులో సీసీఏ లేదు, దానికి ఇబ్బంది రాలేదు. ఎన్‌ఐసీ మధ్యవర్తి సర్టిఫికెట్లను సీసీఏ మర్నాడే రద్దు చేసింది. ఆ తర్వాత క్రోమ్, సీసీఏ కింద వచ్చే సర్టిఫికెట్లను gov.in, nic.in, rbi.org.in లాంటి కొన్ని డొమైన్లకే పరిమితం చేసింది.

ఈ కథలో గమనించాల్సింది, హ్యాండ్‌షేక్‌లో ఏ మెట్టూ విరగలేదు. దొంగ సర్టిఫికెట్ ఉన్నవాడు సర్టిఫికెట్ వెరిఫై సంతకం కూడా సజావుగానే చేస్తాడు, ఎందుకంటే దాని ప్రైవేట్ కీ అతని దగ్గరే ఉంది. అందుకే తర్వాతి మందు హ్యాండ్‌షేక్ బయట వెతకాల్సి వచ్చింది. జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ అందరూ చూడగలిగే బహిరంగ చిట్టాల్లో రాయాలని, రాసినట్టు రసీదు లేకపోతే 2018 ఏప్రిల్ తర్వాత ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఒప్పుకోనని క్రోమ్ నియమం పెట్టింది. దొంగతనాన్ని ఇది ఆపదు. చాటుగా జరగనివ్వదు.

మామూలు రోజుల్లో జనానికి ఎదురయ్యే తప్పులు ఇంత నాటకీయంగా ఉండవు. ఫోన్ బ్యాటరీ పూర్తిగా అయిపోయి, తేదీ ఎక్కడో పాత సంవత్సరానికి వెళ్లిపోతే, ప్రతి సైటూ ఎర్ర హెచ్చరికే చూపిస్తుంది. NET::ERR_CERT_DATE_INVALID అని వస్తే సైట్‌ను తిట్టుకునే ముందు గడియారం చూసుకోవాలి. ఒక్క సైట్‌కే అలా వస్తే సర్టిఫికెట్ గడువు నిజంగానే దాటి ఉంటుంది.

సైట్ నడిపేవాళ్లను ఎక్కువ తికమక పెట్టేది ఇంకోటి. కంప్యూటర్ బ్రౌజర్‌లో సైట్ చక్కగా తెరుచుకుంటుంది. మొబైల్ యాప్‌లోనో, curl తోనో మాత్రం సర్టిఫికెట్ తప్పంటుంది. ఎవరి దగ్గర చూసినా "మాకు బాగానే వస్తోందే" అనే జవాబు, ఇటు రిలీజ్ టెన్షన్. చాలాసార్లు కారణం ఒకటే. సర్వర్ తన సర్టిఫికెట్ పంపుతోంది గానీ మధ్యవర్తి సర్టిఫికెట్ పంపడం లేదు. గొలుసులో నడిమి లంకె లేదు. బ్రౌజర్లు కొన్ని ఆ లంకెను తామే వెతికి తెచ్చుకుంటాయి, లేదా ముందే దాచుకుని ఉంటాయి. యాప్‌ల వెనకుండే లైబ్రరీలు అంత శ్రమ పడవు. తేల్చుకోవడానికి ఈ కమాండ్ చాలు:

```
openssl s_client -connect te.wikipedia.org:443 -servername te.wikipedia.org
```

పైభాగంలో గొలుసులోని సర్టిఫికెట్లు వరసగా 0, 1 అంటూ కనిపిస్తాయి. కింద Verify return code: 0 (ok) అని ఉంటే గొలుసు సరిగ్గా ఉంది. 0 ఒక్కటే ఉండి, unable to verify the first certificate అని వస్తే నడిమి లంకె పోయినట్టే. సర్వర్ సెట్టింగుల్లో ఉత్త సర్టిఫికెట్ ఫైలు బదులు పూర్తి గొలుసున్న ఫైలు పెడితే సరిపోతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడేవాళ్లకు ఆ ఫైలు పేరు fullchain.pem, పక్కనే ఉండే cert.pem పెట్టడం వల్లే ఈ తిప్పలు వస్తుంటాయి. ఇదే కమాండ్‌లో -servername తీసేసి, -noservername పెట్టి చూస్తే, అదే ఐపీ మీద ఉన్న ఇంకో సైట్ సర్టిఫికెట్ రావచ్చు. సైట్ పేరును మొదటి మాటలోనే ఎందుకు చెప్పాలో అప్పుడు కళ్లకు కడుతుంది.

ఆ పేరు విషయంలోనే ఇంకా పూడని కంత ఒకటుంది. క్లయింట్ హలో వెళ్లేటప్పటికి ఏ కీ కుదరలేదు కాబట్టి అందులోని సైట్ పేరు అందరికీ కనిపిస్తూనే వెళ్తుంది. te.wikipedia.org చూస్తున్నారని ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు తెలుస్తుంది. అందులో ఏ వ్యాసం చదువుతున్నారో తెలియదు. భారత్‌లో కొన్నిచోట్ల ఈ పేరును చూసే సైట్లను ఆపుతున్నట్టు పరిశోధకులు చూపించారు. అలా ఆపినప్పుడు సర్టిఫికెట్ హెచ్చరిక రాదు. టీసీపీ కుదురుతుంది, క్లయింట్ హలో వెళ్తుంది, వెంటనే కనెక్షన్ తెగిపోయి ERR_CONNECTION_RESET అని కనిపిస్తుంది. పేరును కూడా మూసి పంపే ఏర్పాటు ఇప్పుడు బ్రౌజర్లలోకి వస్తోంది. అందుకు సైట్ తరఫున ఒక పబ్లిక్ కీని డీఎన్‌ఎస్‌లో ముందే పెట్టి ఉంచాలి, బ్రౌజర్ హ్యాండ్‌షేక్ మొదలవకముందే దాన్ని తెచ్చుకోవాలి. ఆ డీఎన్‌ఎస్ అభ్యర్థన కూడా ఎన్‌క్రిప్ట్ కాకపోతే, మూసిన పేరు పక్క కిటికీలోంచి మళ్లీ కనిపిస్తూనే ఉంటుంది.